ఈ వారం ముందు, వచ్చే వారం వెనుక

వేసవిలో బోర్లు ఎండిన రాయలసీమ మెట్ట ఊళ్లలో ట్యాంకర్ వంతు ఎవరిదన్నదే రోజూ పెద్ద తగవు. నీటి కమిటీ పెద్ద ఇంటింటికీ రాసే ఉత్తరం ఆ తగవును తీర్చాలంటే, అందులో "అందరూ సహకరించండి" అన్న మాటకన్నా లెక్క ముఖ్యం.

ఉదాహరణకు ఒక ఊళ్లో పైవీధి, కిందివీధి, గుడివీధి, బడివీధి ఉన్నాయనుకుందాం. వీధికి 30 ఇళ్లు. ట్యాంకర్ పట్టేది 5,000 లీటర్లు. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు. ఇంటికి 15 లీటర్ల బిందెలు పది చొప్పున పోస్తే 4,500 లీటర్లు అయిపోతాయి. మిగిలిన 500 ఒలికినదానికి, పెళ్లి జరిగే ఇంటికి, చావు జరిగిన ఇంటికి. పై, కిందివీధులకు సోమ, బుధ, శుక్రవారాలు. గుడి, బడివీధులకు మంగళ, గురు, శనివారాలు.

ఈ లెక్కన అయిదుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 13 లీటర్లు కూడా రావు. జల్ జీవన్ మిషన్ పెట్టుకున్న లక్ష్యం 55 లీటర్లు. ఇంత కొద్ది నీళ్లలో ఒక్క ట్రిప్పు తప్పినా ఆ ఇల్లు తట్టుకోలేదు.

తప్పేది ఎక్కువగా సాయంత్రం ట్రిప్పే. నింపే బోరు దగ్గర కరెంటు పోతుంది, లేదా పొద్దున ఆలస్యమైన ట్రాక్టరు రెండోసారి తిరగదు. ఎప్పుడూ సాయంత్రమే వంతు వచ్చే వీధి వేసవంతా నష్టపోతుంది. అందుకే ఈ వారం పొద్దున పట్టుకున్న పైవీధి, వచ్చే వారం సాయంత్రానికి జరగాలి. వీధిలోనూ అంతే: ఒక వారం ఈ చివర నుంచి పోస్తే, మరుసటి వారం ఆ చివర నుంచి.

రోజులు కూడా మార్చేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ అలా మారిస్తే, శుక్రవారం నీళ్లు పట్టినవాళ్లు మంగళవారం దాకా ఆగాల్సి వస్తుంది. మార్చకపోతే సోమవారమే వస్తాయి. ఇంట్లో ఉన్న ఒకటి రెండు డ్రమ్ములతో ఆ ఒక్కరోజు తేడా చాలా కష్టం. కాబట్టి రోజులు స్థిరంగా ఉంచి, పూటలే మార్చాలి. ఆ కారణం ఉత్తరంలో రాసి ఉంటే వాదన అక్కడే ఆగుతుంది.

ఆదివారం ఎవరి వంతూ కాదు. ఆ వారం ట్రిప్పు తప్పిన వీధికి ఆ రోజు పోస్తారు. ఏది తప్పిందో తేల్చడానికి డ్రైవరు దగ్గర నోటుబుక్కు ఉండాలి. ట్యాంకర్ వచ్చిన వేళ రాసి, ఆ వీధి ఆడవాళ్లలో ఒకరు సంతకం పెట్టాలి.

ఒక్కోసారి ట్యాంకర్ వెలితిగా వస్తుంది. అప్పుడు మొదటి ఇళ్లకు పది బిందెలు పోసి చివరివాళ్లను ఖాళీగా పంపకూడదు. వాల్వు తిప్పకముందే నీళ్లు ఎంత ఉన్నాయో చూసి, 4,000 లీటర్లే ఉంటే ఇంటికి ఎనిమిది బిందెలని అందరికీ ముందే చెప్పాలి.