మినహాయింపులు ఎంత ఉంటే పాత పన్ను మేలు?

హైదరాబాద్‌లో ఏడాదికి 15 లక్షల జీతం అందుకునే ఒక ఉద్యోగి లెక్క చూద్దాం. ఆర్థిక సంవత్సరం 2025-26. కొత్త విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా 14.25 లక్షలపై పన్ను పడుతుంది. సెస్సుతో కలిపి అది 97,500 రూపాయలు.

పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలే. కానీ పీఎఫ్, పీపీఎఫ్, పిల్లల ఫీజులు కలిపి లక్షన్నర, ఆరోగ్య బీమాకు 25 వేలు తగ్గించుకోవచ్చు. మూలవేతనం ఏడాదికి 6 లక్షలు, అద్దె నెలకు 20 వేలు అనుకుంటే, కట్టిన 2.4 లక్షల అద్దెలోంచి మూలవేతనంలో పదోవంతు తీసేయగా మిగిలే 1.8 లక్షలకు మినహాయింపు వస్తుంది. మొత్తం 3.55 లక్షలు. ఇంత తగ్గినా పన్ను 1,46,640 రూపాయలు!

అంటే కొత్త విధానంలో 49,140 రూపాయలు మిగులుతాయి. ఈ జీతానికి పాతది గెలవాలంటే స్టాండర్డ్ డిడక్షన్ కాక మినహాయింపులు దాదాపు 5.44 లక్షలు దాటాలి. సొంతింట్లో ఉంటూ కట్టే గృహరుణ వడ్డీకి గరిష్ఠంగా 2 లక్షలే మినహాయింపు కనుక, అద్దె మినహాయింపు లేనివారికి అది ఒక్కటే చాలదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. పన్ను తగ్గుతుందని మార్చిలో అవసరం లేని బీమా పాలసీ కొంటారు. కొత్త విధానం ఎంచుకున్నవారికి ఆ ప్రీమియంపై పన్ను లాభం ఉండదు. ఆఫీసులో ఏమీ చెప్పకపోతే టీడీఎస్ కొత్త విధానంలోనే కోస్తారు. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగి మాత్రం గడువులోగా రిటర్ను వేసేటప్పుడు ఏటా మార్చుకోవచ్చు.