శుభలేఖకు ఒకటి, పట్టుచీరకు ఒకటి

శుభలేఖను బాగా కుదించి జేపెగ్‌గా దాచి, పెద్దది చేసి చూడండి. అక్షరాల చుట్టూ దోమలు ముసిరినట్టు మచ్చలు కనిపిస్తాయి. జేపెగ్ బొమ్మను 8×8 చుక్కల గళ్లుగా కోసి, కంటికి అంతగా ఆనని సన్నని వివరాలను పారేస్తుంది. పట్టుచీర ఫొటోలో ఆ నష్టం నేతలో కలిసిపోతుంది. తెల్ల కాగితం మీది నల్లటి అక్షరం పక్కన మాత్రం దొరికిపోతుంది.

పీఎన్‌జీ ఒక్క చుక్కనూ వదలదు. అక్షరాలకు, లోగోలకు, స్క్రీన్‌షాట్‌లకు అదే సరైనది. చీర ఫొటోను అందులో దాచడం మాత్రం దండగ, ఫైలు జేపెగ్ కంటే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. అన్నట్టు, మచ్చలు పడ్డ జేపెగ్‌ను పీఎన్‌జీగా మారిస్తే మచ్చలూ భద్రంగా ఉంటాయి!

చీరల దుకాణం వెబ్‌సైటు లెక్క వేరు. అక్కడ పేజీ త్వరగా తెరుచుకోవాలి. గూగుల్ 2010లో తెచ్చిన వెబ్‌పీ సాధారణంగా అదే నాణ్యతను జేపెగ్ కంటే చిన్న ఫైలులో ఇస్తుంది, లోగో వెనక భాగాన్ని పారదర్శకంగానూ ఉంచుతుంది. ఏవీఐఎఫ్ ఫొటోలను తరచూ ఇంకా కుదిస్తుంది, కానీ తయారీకి ఎక్కువ సమయం పడుతుంది, పాత ఫోన్లలో తెరుచుకోదు. అందుకే పేజీలో ముందు ఏవీఐఎఫ్, తర్వాత వెబ్‌పీ, చివర జేపెగ్ పెడితే బ్రౌజరే తనకు చేతనైనది ఎంచుకుంటుంది.

ఎవరి ఫోన్ ఏదో తెలియనప్పుడు ఫొటోను జేపెగ్‌గానే పంపండి. అసలు ఫైలును మాత్రం చెరపకండి.