పెళ్లికి ఇంత అనేముందు.. గంటలు లెక్కేయండి!

కాజీపల్లి పారిశ్రామికవాడలో షిఫ్టు దిగాక రోజూ రెండు మూడు గంటలు మిగులుతున్నాయా? బొల్లారం, జిన్నారం, పటాన్‌చెరు వైపు పెళ్లిళ్లు తీసే ఫొటోగ్రాఫర్లకు ఎడిటింగ్‌ చేసిపెట్టొచ్చు. ఫోన్‌తోనే మొదలుపెట్టొచ్చు. ఇందులో నెల జీతం ఉండదు, ‘పెళ్లికి ఇంత’ అని మాట్లాడుకుంటారు. చిక్కంతా ఆ ‘ఇంత’ దగ్గరే.

ఉదాహరణకు ఒక పెళ్లికి 1200 ఫొటోలు ఇచ్చారనుకుందాం. అందులోంచి 240 ఏరి రంగులు సరిచేయాలి, 30 సెకన్ల వీడియోలు రెండు కట్‌ చేయాలి. ఫొటోకు 6 సెకన్లు చూసినా ఏరడానికే 2 గంటలు పడుతుంది. రంగులకు నిమిషం చొప్పున 4 గంటలు, వీడియోలకు మరో 4, కాపీ చేయడానికీ మార్పులకూ 2 గంటలు. మొత్తం 12. డేటాకు, పెన్‌డ్రైవ్‌కు 160 రూపాయలు అవుతాయనుకోండి. ‘వెయ్యికి చేసిపెడతా అన్నా’ అని ఒప్పుకుంటే మీకు గంటకు మిగిలేది 70 రూపాయలే! గంటకు 120 కావాలంటే 1600 అడగాలి.

టైమ్‌ ఎక్కువగా తినేసేది మండపం లైటింగ్‌. పసుపు, గులాబీ లైట్ల కింద మొహాల రంగు మారిపోతుంది. ఒకే లైటింగ్‌లో తీసిన ఫొటోలను ఒక గుంపుగా పెట్టుకోండి. లైట్‌రూమ్‌ లాంటి యాప్‌లో అందులో ఒకదాన్ని సరిచేసి, ఆ సెట్టింగ్స్‌నే మిగతావాటికి కాపీ చేయండి. తెలుపు కోసం మధుపర్కాలను నమ్మొద్దు. వాటికి పసుపు అంటి ఉంటే, దాన్ని తెలుపు చేయబోయి మొహాలను నీలంగా మార్చేస్తారు. పక్కనున్నవారి తెల్లచొక్కా చూసుకోండి. అనుమానం వస్తే చేతుల రంగు, మొహం రంగు పోల్చి చూడండి.

ఏరేటప్పుడు జీలకర్ర-బెల్లం, పుస్తె కట్టడం, తలంబ్రాలు, అప్పగింతల ఫొటోలు కాస్త మసకగా ఉన్నా తీసేయకండి. అవి మళ్లీ తీయలేనివి.

ఫొటో 8 ఎంబీ ఉన్నా 1200కి దాదాపు 10 జీబీ అవుతుంది. దగ్గరే కాబట్టి వెళ్లి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోలుగా పంపితే నాణ్యత పడిపోతుంది, ఆల్బమ్‌కు పనికిరావు. ఆల్బమ్‌ ఇంటికి చేరేదాకా ఒరిజినల్స్‌ రెండు చోట్ల ఉంచండి.

పని తీసుకునేముందే ఎన్ని ఫొటోలు, ఎన్ని వీడియోలు, ఎన్నిసార్లు మార్పులు చేస్తారో మెసేజ్‌ పెట్టండి. సగం డబ్బు ముందే తీసుకోండి. ‘ఇంకో చిన్న మార్పు తమ్ముడూ’ అన్న ఫోన్లు ఆరు వస్తే మీ 12 గంటలు 16 అవుతాయి. అప్పుడు 1600 తీసుకున్నా గంటకు దక్కేది 90 రూపాయలే.

ఆషాఢంలో, మూఢాల్లో ఈ పని దాదాపు ఉండదు. అందుకే షిఫ్టు మానేసే ఆలోచన ఇప్పుడే వద్దు. ముందు ఒక పెళ్లి చేసి, పట్టిన గంటలు రాసుకోండి. రెండో పెళ్లికి రేటు ఆ కాగితమే చెబుతుంది.