ఎక్సెల్ మింగేసే సున్నాలు

నెలాఖరున జీతాలు వేయాలన్నా, సరుకు పంపిన వాళ్లందరికీ ఒకేసారి డబ్బులు కట్టాలన్నా చిన్న ఆఫీసుల్లో ఇప్పుడు చెక్కులు రాసే పని తగ్గింది. పేర్లు, ఖాతా నంబర్లు, మొత్తాలు ఉన్న ఒక ఫైలును బ్యాంకు వెబ్‌సైట్‌లోకి ఎక్కిస్తే చాలు. ఆ ఫైలు చాలాసార్లు సీఎస్‌వీ రూపంలో ఉంటుంది. చూడ్డానికి ఎక్సెల్ ఫైలులాగే ఉంటుంది. డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్‌లోనే తెరుచుకుంటుంది. గొడవ మొదలయ్యేది కూడా ఆ డబుల్ క్లిక్ దగ్గరే.

ఉదాహరణకు ముగ్గురు ఉద్యోగుల జీతాల ఫైలు ఒకటి తీసుకుందాం. పేర్లూ నంబర్లూ కల్పితాలే. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అది ఇలా ఉంటుంది:

```
Name,Account,Amount
Ramulu,00000030123456789,18500
Sujatha,50100123456789,22000
Kareem,4567812345678123,19750
```

సీఎస్‌వీ అంటే ఇంతే. కామాలతో విడదీసిన ఉత్త అక్షరాలు. ఫలానా గడిలో ఉన్నది లెక్క కట్టాల్సిన సంఖ్య, ఫలానా దాన్లో ఉన్నది ముట్టుకోకూడని గుర్తింపు నంబరు అని చెప్పే ఏర్పాటు ఇందులో లేదు. కాబట్టి తెరిచే ప్రోగ్రామే ఊహించుకోవాలి. అన్నీ అంకెలే కనిపిస్తే ఎక్సెల్ దాన్ని సంఖ్య అనుకుంటుంది. కొందరు ఆ నంబరు చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టి చూస్తారు. లాభం లేదు. అవి గడి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే హద్దులు మాత్రమే. ఎక్సెల్ వాటిని తీసేసి లోపలి అంకెలను మళ్లీ సంఖ్యగానే చదువుతుంది.

ఇప్పుడు డబుల్ క్లిక్ చేద్దాం. ముగ్గురికీ మూడు రకాలుగా జరుగుతుంది. చూపుకు అన్నీ ఒకే రకం దెబ్బలా ఉన్నా, ఏది బాగుచేయగలమో ఏది చేయలేమో ఈ తేడా మీదే ఆధారపడి ఉంది.

రాములుది స్టేట్ బ్యాంకు ఖాతా. ఆ బ్యాంకు ఖాతా నంబరు 11 అంకెలు, కానీ పాస్‌బుక్కుల్లో ముందు ఆరు సున్నాలు చేర్చి 17 అంకెలుగా కనిపిస్తుంది. సంఖ్యకు ముందున్న సున్నాలకు విలువ లేదు కనుక ఎక్సెల్ వాటిని వదిలేసి 30123456789 అని ఉంచుకుంటుంది. మిగిలిన అంకెలన్నీ భద్రం. సున్నాలు ఎన్నో తెలిస్తే మళ్లీ పెట్టుకోవచ్చు.

సుజాత ఖాతాలో 14 అంకెలు. గడిలో మాత్రం 5.01001E+13 లాంటిదేదో కనిపిస్తుంది. పన్నెండు అంకెలు దాటితే కాదు, పన్నెండో అంకె రాగానే ఎక్సెల్ మామూలు గడిలో ఇలా కుదించి చూపిస్తుంది. ఆధార్ నంబరు సరిగ్గా 12 అంకెలు కాబట్టి అదీ ఈ దెబ్బకు దొరుకుతుంది. గడి వెడల్పు పెంచినా అంకెలు బయటికి రావు. కానీ గడి మీద క్లిక్ చేసి పైనున్న ఫార్ములా బార్ చూడండి, అక్కడ 50100123456789 నిక్షేపంగా ఉంటుంది. మారింది చూపు మాత్రమే, సరుకు కాదు. గడిని Number ఫార్మాట్‌కు మార్చి దశాంశ స్థానాలు సున్నా పెడితే పూర్తి నంబరు కనిపిస్తుంది.

కరీం సంగతే కష్టం. అతని ఖాతాలో 16 అంకెలు. ఫార్ములా బార్‌లో చూసినా 4567812345678120 అనే ఉంటుంది. చివరి 3 పోయి సున్నా వచ్చింది. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెలే నిలుపుకుంటుంది. పదహారో అంకె నుంచి అన్నీ సున్నాలే. ఇది లోపం కాదు, దాని కట్టుబడే అంత. ప్రతి సంఖ్యకూ అది 64 బిట్ల చోటిస్తుంది, అందులో అంకెలకు దక్కేవి 53 బిట్లు. దాంతో 9,007,199,254,740,992 వరకే ప్రతి పూర్ణసంఖ్యనూ తేడా లేకుండా గుర్తుంచుకోవడం సాధ్యం. అంటే 16 అంకెల సంఖ్యల్లో కొన్నే పడతాయి, కొన్ని పడవు. అందుకే ఎక్సెల్ ఒక మెట్టు కిందే ఆగి 15 దగ్గర గీత గీసింది. కోట్ల రూపాయల లెక్కలకు ఆ 15 అంకెలు ధారాళంగా సరిపోతాయి. ఖాతా నంబరుకూ కార్డు నంబరుకూ మాత్రం చాలవు.

ఇంతవరకు డిస్కు మీదున్న అసలు ఫైలుకు ఏమీ కాలేదని గమనించండి. తెరిచి, చూసి, సేవ్ చేయకుండా మూసేస్తే కరీం 3 కూడా అక్కడే ఉంటుంది. నష్టం జరిగేది సేవ్ నొక్కినప్పుడు. సీఎస్‌వీగా సేవ్ చేసేటప్పుడు ఎక్సెల్ గడిలోని అసలు విలువను కాక, కంటికి కనిపించే రూపాన్ని రాస్తుంది. అంటే ఫార్ములా బార్‌లో భద్రంగా ఉన్న సుజాత నంబరు కూడా ఫైల్లో 5.01001E+13 అనే అక్షరాలుగా మారిపోతుంది. మళ్లీ తెరిస్తే అది 50100100000000. తర్వాత ఏ ఫార్మాట్ మార్చినా ఆ 23456789 తిరిగి రాదు. నెఫ్ట్‌లో డబ్బు జమయ్యేది ఖాతా నంబరును బట్టి, పేరును బట్టి కాదు. అలాంటి ఖాతా లేకపోతే డబ్బు వెనక్కి వస్తుంది. ఉంటేనే తంటా.

తెరిచాక ఆ వరుసంతా సెలెక్ట్ చేసి Text ఫార్మాట్ పెట్టడం చాలామంది చేసే పని. అప్పటికే సున్నాలు పోయాయి, పోయినవాటిని ఫార్మాట్ తేలేదు. సెలెక్ట్ చేసి 00000 లాంటి కస్టమ్ ఫార్మాట్ ఇవ్వడం మాత్రం కొన్నిచోట్ల పనికొస్తుంది. అన్ని నంబర్ల పొడవూ ఒకటే అయ్యుండాలి, 15 అంకెలు మించకూడదు. న్యూజెర్సీ ఎడిసన్‌లోని మన వాళ్ల చిరునామాల్లో 08820 కాస్తా 8820 అయినప్పుడు ఈ చిట్కాతో బాగుపడుతుంది, ఎందుకంటే అమెరికా జిప్ కోడ్ ఎప్పుడూ ఐదంకెలే. గుంటూరు మిర్చి వ్యాపారి బిల్లుల్లో హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ 0904 కాస్తా 904 అయినా అంతే. ఖాతా నంబర్ల పొడవు మాత్రం బ్యాంకు బ్యాంకుకూ వేరు కాబట్టి అక్కడ ఈ వైద్యం కుదరదు.

అసలు మందు తెరిచే పద్ధతిలో ఉంది. ఫైలు మీద డబుల్ క్లిక్ మానేయండి. ఖాళీ ఎక్సెల్ షీటు తెరిచి Data ట్యాబ్‌లో From Text/CSV నొక్కి ఫైలు చూపించండి. ఒక ముందుచూపు కిటికీ వస్తుంది. కంగారుపడి అక్కడే Load నొక్కవద్దు, Transform Data నొక్కండి. వచ్చిన కొత్త కిటికీలో Account శీర్షిక పక్కన 123 అని చిన్న గుర్తుంటుంది, అంటే దీన్ని సంఖ్యగా తీసుకున్నానని అర్థం. దాని మీద నొక్కి Text ఎంచుకోండి. వెంటనే ఒక ప్రశ్న అడుగుతుంది: Replace current కావాలా, Add new step కావాలా అని. ఇక్కడ Replace current మాత్రమే ఎంచుకోవాలి. రెండోది ఎంచుకుంటే ముందు సంఖ్యగా మార్చి, ఆ తర్వాత అక్షరాలుగా మారుస్తుంది. మొదటి అడుగులోనే సున్నాలు రాలిపోతాయి, రెండో అడుగు వల్ల ఒరిగేదేమీ ఉండదు. పద్ధతి పాటించినా సున్నాలు పోయాయని చెప్పేవాళ్లలో చాలామంది జారేది ఈ మెట్టు మీదే అని నా అనుమానం. ఆ తర్వాత Close & Load నొక్కితే ముగ్గురి నంబర్లూ యథాతథంగా షీటులోకి వస్తాయి.

Amount వరుసను మాత్రం సంఖ్యగానే ఉంచండి. దాన్ని కూడా Text చేస్తే మొత్తం కూడినప్పుడు SUM సున్నా చూపిస్తుంది. ఏ వరుసను ఎలా ఉంచాలో తేల్చుకోవడానికి నేను వాడే ప్రశ్న ఒకటే: ఈ అంకెలను ఎప్పుడైనా కూడతామా? జీతాలు కూడతాం. ఖాతా నంబర్లు, ఆధార్లు, ఫోన్ నంబర్లు కూడం. కూడనివన్నీ Text.

పాత ఎక్సెల్‌లో ఇదే చోట మూడు మెట్ల విజర్డ్ వస్తుంది. మూడో మెట్టులో వరుసను ఎంచుకుని Text పెట్టాలి. లిబ్రేఆఫీస్ కాల్క్ ఈ విషయంలో నయం. సీఎస్‌వీ తెరవగానే తనే అడుగుతుంది, కింది నమూనాలో వరుస మీద నొక్కి Column type దగ్గర Text అంటే అయిపోతుంది. గూగుల్ షీట్స్‌లో అయితే File, Import దారిలో వెళ్లి Convert text to numbers, dates, and formulas పక్కన టిక్ తీసేయాలి.

మైక్రోసాఫ్ట్ 365 వాడేవారికి ఇంకో వెసులుబాటు 2023లో వచ్చింది. File, Options, Data లోకి వెళ్తే Automatic Data Conversion అని ఒక భాగం కనిపిస్తుంది. అందులో ముందు సున్నాలు తీసేయడం, పొడవు నంబర్లను 15 అంకెలకు కోయడం అనే రెండింటికీ టిక్ తీసేస్తే డబుల్ క్లిక్ చేసినా ముందున్న సున్నాలూ, 15 అంకెలు దాటిన నంబర్లూ చెక్కుచెదరవు. అయితే ఈ మార్పు మీ కంప్యూటర్ వరకే. అదే ఫైలు పక్క సీటులో తెరిస్తే అక్కడ పాత కథే.

సరిగ్గా వచ్చిందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. టెక్స్ట్ గడికి ఎడమవైపు, సంఖ్య కుడివైపు అతుక్కుని ఉంటాయి. ఇంకా గట్టిగా చూడాలంటే పక్క గడిలో పొడవు లెక్కపెట్టండి:

```
=LEN(B2)
```

రాములుకు 17 రావాలి. 11 వస్తే సున్నాలు పోయినట్టే. సరిగ్గా వచ్చిన గడుల మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం కనిపిస్తుంది. ఇది టెక్స్ట్‌గా ఉన్న సంఖ్య సుమా అని ఎక్సెల్ హెచ్చరిక. దాని పక్కనే Convert to Number అనే సలహా ఉంటుంది. పొరపాటున కూడా నొక్కవద్దు, Ignore Error అనండి. షీటంతా శుభ్రంగా కనిపించాలని ఎవరో ఒకరు ఆ త్రికోణాలన్నీ తుడిచేసే ఆఫీసులు లేకపోలేదు.

పని మధ్యలో ఉన్న ఫైలును .xlsx గా దాచుకోండి. అందులో ఏ వరుస టెక్స్టో, ఏది సంఖ్యో కూడా నమోదవుతుంది. బ్యాంకు సీఎస్‌వీయే కావాలంటే చివర్లో Save As తో తీయండి, టెక్స్ట్‌గా ఉన్న నంబర్లు సున్నాలతో సహా అందులోకి వెళ్తాయి. ఆ సీఎస్‌వీ బాగుందో లేదో చూడటానికి మళ్లీ ఎక్సెల్‌లో తెరిస్తే మాత్రం మంచి ఫైలు కూడా చెడిపోయినట్టు కనిపిస్తుంది, సేవ్ చేస్తే నిజంగానే చెడిపోతుంది. ఎక్కించే ముందు ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి, నాలుగైదు ఖాతా నంబర్లను పాస్‌బుక్కు కాపీలతో సరిపోల్చుకోండి.