కారణం నిజమైతే చాలదు

నిశ్చితం–కారణం ప్రశ్నలో రెండు వాక్యాలుంటాయి. మొదటిది ఒక సంగతిని చెబుతుంది, అది నిశ్చితం. రెండోది ఆ సంగతికి కారణమంటూ వస్తుంది. విద్యార్థి నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. రెండూ నిజమే, నిశ్చితాన్ని కారణం సరిగ్గా వివరిస్తోంది అన్నది మొదటిది. రెండూ నిజమే గాని ఆ కారణం నిశ్చితాన్ని వివరించడం లేదు అన్నది రెండోది. నిశ్చితం నిజం, కారణం తప్పు అన్నది మూడోది. నిశ్చితం తప్పు, కారణం నిజం అన్నది నాలుగోది. కొన్ని పరీక్షల్లో రెండూ తప్పే అన్న జవాబు కూడా ఉంటుంది. సీబీఎస్ఈ పదో తరగతి సైన్స్ పేపరులో ఇవి ఒక్కో మార్కు ప్రశ్నలు. ఎయిమ్స్ వైద్య ప్రవేశ పరీక్ష విడిగా జరిగినన్నాళ్లూ అందులోనూ ఇవి ఉండేవి.

మూడో, నాలుగో జవాబులకు పాఠం గుర్తుంటే సరిపోతుంది. చిక్కంతా మొదటి రెండింటి మధ్య ఉంది. అక్కడ రెండు వాక్యాలూ నిజమే. వాటి మధ్య సంబంధం ఉందా లేదా అన్నదే ప్రశ్న. ‘లోహాలు, అలోహాలు’ పాఠం నుంచి కొన్ని ప్రశ్నలు తీసుకుంటే ఇది స్పష్టమవుతుంది.

నిశ్చితం: అల్యూమినియం గాలిలో ఉన్నా ఇనుములా తినుకుపోదు. దీని కింద మూడు రకాల కారణాలు రాయవచ్చు. ‘అల్యూమినియం చర్యాశీలత ఇనుము కంటే తక్కువ’ అని రాస్తే అది తప్పు. చర్యాశీలతా శ్రేణిలో అల్యూమినియం ఇనుము కంటే పైనే ఉంటుంది. తుప్పు పట్టని లోహానికి చర్యాశీలత తక్కువని ఊహించుకునే విద్యార్థి ఇక్కడ పడిపోతాడు. ‘అల్యూమినియం ఉపరితలంపై దట్టమైన ఆక్సైడ్ పొర ఏర్పడి గట్టిగా అంటుకుని ఉంటుంది’ అంటే అది నిజం, వివరణ కూడా. ఆ పొర లోపలి లోహానికి గాలి తగలనివ్వదు. ఇనుము తుప్పు అలా కాదు. అది గుల్లగా ఉండి పెచ్చులుగా రాలిపోతుంది, కిందనున్న కొత్త ఇనుము మళ్లీ గాలికీ తేమకూ దొరుకుతుంది. ఇక ‘అల్యూమినియం ఇనుము కంటే తేలికైన లోహం’ అని మూడో కారణం రాస్తే అది పచ్చి నిజం. కానీ తినుకుపోకపోవడానికీ దానికీ పొత్తు లేదు.

పొత్తు లేదని తేల్చుకోవడానికి నమ్మదగిన దారి ఒకటుంది. ఆ కారణం ఉండి కూడా నిశ్చితం నిజం కాని సందర్భం ఎక్కడైనా ఉందేమో వెతకాలి. సోడియం అల్యూమినియం కంటే తేలిక, అయినా గాలి తగిలితే నిలవదు. తేలికదనమే కాపాడేదైతే సోడియం కూడా నిలవాలి. అలాగే కారణాన్ని తీసేస్తే ఏమవుతుందో కూడా చూడాలి. ఆక్సైడ్ పొర ఆమ్లంలోనూ గాఢ క్షారంలోనూ కరుగుతుంది, అప్పుడు అల్యూమినియానికి రక్షణ పోతుంది. ఊరగాయను అల్యూమినియం గిన్నెలో నిల్వ ఉంచవద్దని పెద్దలు చెప్పడంలో ఉన్న రసాయన శాస్త్రం ఇదే. పొర ఉంటే లోహం నిలుస్తుంది, పొర పోతే లోహం కరుగుతుంది. కాబట్టి అసలు కారణం పొరే.

రెండు వాక్యాలూ ఒకే మూలం నుంచి వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. నిశ్చితం: ఘన స్థితిలో ఉన్న ఉప్పు గుండా విద్యుత్తు ప్రవహించదు. కారణం: ఉప్పు ద్రవీభవన స్థానం చాలా ఎక్కువ. రెండూ నిజమే, ఉప్పు 801 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాని కరగదు. రెండు సంగతులూ పుస్తకంలో ఒకే చోట, అయానిక సమ్మేళనాల ధర్మాల కింద వరసగా ఉంటాయి. అందుకే చాలామంది మొదటి జవాబు గుర్తిస్తారు. కానీ టంగ్‌స్టన్ 3,400 డిగ్రీలు దాటితే గాని కరగదు, అయినా అది విద్యుత్తుకు మంచి వాహకం. మైనం కొద్దిపాటి వేడికే కరుగుతుంది, అది వాహకం కాదు. ద్రవీభవన స్థానాన్ని బట్టి వాహకత్వాన్ని చెప్పలేమని ఈ రెండు ఉదాహరణలతో తేలిపోతుంది. ఉప్పులో ధన, రుణ అయాన్లు ఒకదాన్నొకటి గట్టిగా ఆకర్షించుకుని స్ఫటికంలో తమ తమ చోట్ల కదలకుండా ఉంటాయి. కరగడానికి అంత వేడి అవసరం కావడమూ, విద్యుత్తు ప్రవహించకపోవడమూ దాని ఫలితాలే. ఒక మూలానికి పుట్టిన రెండు ఫలితాల్లో ఒకటి రెండోదానికి కారణం కాదు. ఇదే నిశ్చితానికి ‘ఘన ఉప్పులో అయాన్లు ఉండవు’ అని కారణమిస్తే అది తప్పు వాక్యం. అయాన్లు ఉంటాయి, కదలలేవు. నీటిలో కరిగినా, వేడికి కరిగినా అవి కదులుతాయి, విద్యుత్తు ప్రవహిస్తుంది.

ఒకే నిజం ఒకచోట వివరణై, మరోచోట తప్పు నిశ్చితం పక్కన నిలబడనూ వచ్చు. ‘ఇనుము కంటే జింకుకు చర్యాశీలత ఎక్కువ’ అన్నది అలాంటి వాక్యం. ‘జింకు పూత పూసిన ఇనుప రేకుపై గీత పడి ఇనుము బయటపడినా అది వెంటనే తుప్పు పట్టదు’ అనే నిశ్చితానికి అది చక్కని వివరణ. జింకు ముందుగా ఎలక్ట్రాన్లు కోల్పోయి తాను తినుకుపోతూ ఇనుమును కాపాడుతుంది. అదే నిశ్చితాన్ని ‘గీత పడగానే ఇనుము తుప్పు పట్టడం మొదలవుతుంది’ అని మార్చితే జవాబు నాలుగోది అవుతుంది. నిజమైన కారణం చూసిన ఊపులో విద్యార్థి నిశ్చితాన్ని కూడా నిజమనుకునే ప్రమాదం ఇక్కడుంది. ఆ మారిన నిశ్చితం తగరం పూతకు సరిపోతుంది. తగరం చర్యాశీలత ఇనుము కంటే తక్కువ, కాబట్టి తేమ గాలిలో గీత పడినచోట ముందు ఇనుమే తినుకుపోతుంది. అందుకే రెండు వాక్యాలనూ ముందు విడివిడిగా, ఒకదాన్ని చేత్తో మూసి రెండోదాన్ని చదవాలి. రెండూ నిజమని తేలాకే మధ్యలో ‘ఎందుకంటే’ పెట్టి చూడాలి.

అలా పెట్టినా తేలని ప్రశ్నలుంటాయి. నిశ్చితం: సోడియాన్ని కిరోసిన్‌లో ఉంచుతారు. కారణం: సోడియం సాంద్రత కిరోసిన్ సాంద్రత కంటే ఎక్కువ. సోడియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.97 గ్రాములు, కిరోసిన్‌ది సుమారు 0.8 గ్రాములు. సోడియం మునుగుతుంది గనుకే కిరోసిన్ దాన్ని పూర్తిగా కప్పగలుగుతుంది, తేలితే పైభాగానికి గాలి తగిలేది. అంటే సాంద్రతకు ఇందులో పాత్ర ఉంది. అయినా దాచాల్సిన అవసరం వచ్చింది సోడియం గాలిలోని ఆక్సిజన్‌తో, తేమతో తీవ్రంగా చర్య జరపడం వల్ల. కిరోసిన్‌ను ఎంచుకున్నది సోడియం దానితో చర్య జరపదు కాబట్టి. సాంద్రత ఆ ఏర్పాటుకు తోడ్పడే షరతు మాత్రమే. మామూలుగా దీనికి రెండో జవాబే సరైనదిగా ఇవ్వాలి. కానీ ఆలోచించే పిల్లవాడు మునగడం సంగతి తలచుకుని మొదటి జవాబు పెడితే అతని తర్కాన్ని పూర్తిగా తప్పనలేం. తోడ్పడే షరతును కారణంగా చూపించి ఒక్క మార్కుకు నాలుగు జవాబులిచ్చే ప్రశ్న పేపరులో ఉండకూడదు. పేపరు తయారుచేసే ఉపాధ్యాయులు దాన్ని తీసేసి, ‘సోడియాన్ని కిరోసిన్‌లో ఎందుకు ఉంచుతారు? అది అందులో మునగకుండా తేలితే ఏమవుతుంది?’ అని రెండు వాక్యాల్లో జవాబు రాయమనాలి.