స్క్రీన్‌షాట్ వచ్చింది, డబ్బు రాలేదు

"సైటుకి కమిషన్ ఎందుకు దండగ? వాట్సాప్‌లోకి రండి, నేరుగా యూపీఐ చేసేస్తాను." ఆన్‌లైన్‌లో ఫ్రీలాన్స్ పని చేసేవాళ్లకి ఈ మాట కొత్త కాదు. ఫైవర్ అయితే సంపాదనలో 20 శాతం పట్టుకుంటుంది కాబట్టి, వినడానికి ఇంపుగానే ఉంటుంది.

అయితే ఆ కమిషన్‌కి బదులుగా సైటు ఒక పని చేసిపెడుతుంది. ఉదాహరణకి అప్‌వర్క్‌లో రేటు ముందే మాట్లాడుకున్న పనికి, క్లయింటు ముందుగా డబ్బు కట్టి సైటు దగ్గర ఉంచుతాడు. దీన్నే ఎస్క్రో అంటారు. పని పూర్తిచేసి సైటులోనే అప్పగించాక, క్లయింటు 14 రోజుల్లో అవుననీ కాదనీ చెప్పకపోతే డబ్బు దానంతటదే విడుదలవుతుంది. బయటికి వచ్చేస్తే ఈ రక్షణ ఉండదు. గొడవ వస్తే సైటు తలదూర్చదు, పైగా నిబంధన మీరినందుకు మన ఖాతానే ఆపేయొచ్చు. మోసగాడికి కావలసింది కూడా అదే. డబ్బు వచ్చిందో లేదో చెప్పడానికి అతను పంపే బొమ్మ తప్ప మరో ఆధారం ఉండకూడదు.

శనివారం రాత్రి తొందర

గుంటూరులో ఒక డిజైనరు ఉందనుకుందాం. ఒక హోటల్‌కి లోగో, మెనూ కార్డు చేసిపెట్టడానికి 18,000 రూపాయలకి బేరం కుదిరింది. మాటలన్నీ వాట్సాప్‌లోనే. శనివారం రాత్రి క్లయింటు నుంచి స్క్రీన్‌షాట్ వచ్చింది. పచ్చటి టిక్కు, ఆమె పేరు, తేదీ, సమయం అన్నీ ఉన్నాయి. మొత్తం మాత్రం 28,000. వెంటనే మెసేజ్: "మా అకౌంటెంట్ పొరపాటున పదివేలు ఎక్కువ కొట్టాడండీ. అది ఈ నంబరుకి వెనక్కి పంపేయండి. ప్రింటింగ్ ప్రెస్సు వాళ్లు కూర్చునున్నారు, ఫైళ్లు కూడా ఇప్పుడే పెట్టేయండి." ఖాతాలో ఏమీ పడలేదని ఆమె అంటే, "సర్వర్ స్లోగా ఉంది, పొద్దుటికి పడిపోతుంది" అని జవాబు.

అచ్చం యూపీఐ యాప్‌లా కనిపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. పేరు, మొత్తం కొడితే చాలు, పచ్చటి టిక్కుతో రసీదు తయారవుతుంది. అసలైన పాత రసీదులో అంకెలు మార్చడం ఇంకా తేలిక. కాబట్టి అక్షరాల సైజు, రంగు చూసి పట్టేద్దామనుకోవడం వృథా. యూపీఐ లావాదేవీకి 12 అంకెల యూటీఆర్ నంబరు ఉంటుంది, అడగాల్సిందే. కానీ ఏవో 12 అంకెలు ఎవరైనా టైపు చేయగలరు. ఆ నంబరు మన బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తేనే దానికి విలువ. "మీ ఖాతాలో జమ అయింది" అనే ఎస్సెమ్మెస్ మామూలు పదంకెల ఫోను నంబరు నుంచి వస్తే అదీ నమ్మడానికి లేదు. మన బ్యాంకు యాప్ మనమే తెరిచి, బ్యాలెన్సు, స్టేట్‌మెంట్ చూసుకోవడమే అసలు పరీక్ష.

నిజంగానే సర్వర్ ఇబ్బంది ఉంటేనో? అలాంటివీ అప్పుడప్పుడూ జరుగుతాయి. పంపినవారి ఖాతాలో కోతపడి, అందాల్సినవారికి అందకపోతే, రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం ఆ డబ్బు మరుసటి రోజులోగా వెనక్కి వెళ్లిపోవాలి. అంటే ఒక్క రోజు ఆగితే సంగతి తేలిపోతుంది. నిజాయతీ ఉన్న క్లయింటుకి ఆ ఒక్క రోజుతో పోయేదేమీ లేదు.

పదివేలు నిజంగా పడితే

రాని డబ్బుని "తిరిగి" పంపితే పోయేది మన సొంత డబ్బే. అది సులువుగానే అర్థమవుతుంది. ఖాతాలో 28,000 నిజంగా పడితే మాత్రం చాలామంది ధైర్యపడి పదివేలు పంపేస్తారు. అక్కడే ఇంకో చిక్కుంది. ఆ సొమ్ము మరెవరినో మోసం చేసి మళ్లించింది కావచ్చు. వాళ్లు ఫిర్యాదు చేస్తే, డబ్బు ఎక్కడికి వెళ్లిందో వెతుక్కుంటూ వచ్చి మన ఖాతానే స్తంభింపజేస్తారు. అందుకే ఎక్కువ పడిన డబ్బుని క్లయింటు చెప్పిన కొత్త నంబరుకి మనంతట మనం పంపకూడదు. మన బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పి, వచ్చిన ఖాతాకే వెనక్కి పంపమనాలి.

ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, cybercrime.gov.inలో ఫిర్యాదు నమోదు చేయాలి. డబ్బు మరో ఖాతాకి మారకముందే కబురందితే దాన్ని ఆపే అవకాశం ఉంటుంది. చాట్ చెరిపేయొద్దు. స్క్రీన్‌షాట్, డబ్బు పంపిన నంబరు, మన వైపు యూటీఆర్ అన్నీ దాచుకోవాలి.

ఇంకా ఏమీ పంపకపోతే, గుంటూరు డిజైనరు వాదించనక్కర్లేదు. మెనూ కార్డు మీద అడ్డంగా తన పేరు వేసి, ప్రింటుకి పనికిరాని చిన్న సైజు నమూనా పంపి, ఒక్క మాట రాస్తే చాలు: "పరిచయమైన సైటులోనే డబ్బు కట్టండి, అది అక్కడ కనబడిన గంటలో అసలు ఫైళ్లు అక్కడే పెడతాను." పని కావలసినవాడు కడతాడు. స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకుందామనుకున్నవాడు కోప్పడతాడు, లేదా బ్లాక్ చేసి వెళ్లిపోతాడు.