హెమింగ్వే తెలుగులోకి, సర్వే నంబర్లు ఇంగ్లీషులోకి

ఎర్నెస్ట్ హెమింగ్వే 1961 జూలైలో చనిపోయాడు. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు లెక్కపెట్టాలి. ఆ లెక్కన ఆయన బతికుండగా అచ్చయిన పుస్తకాల మీద హక్కు మన దేశంలో 2021 డిసెంబరు 31తో తీరిపోయింది. ఇప్పుడు ‘ది ఓల్డ్ మాన్ అండ్ ది సీ’ని తెలుగు చేసి విజయవాడలో అచ్చేసి అమ్ముకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. అదే పుస్తకాన్ని డాలస్‌లోని తెలుగువాళ్లకి అమ్మాలంటే మాత్రం సంగతి వేరు. అమెరికాలో ఆ కాలపు పుస్తకాలకు రచయిత మరణంతో పనిలేదు, ప్రచురించిన ఏడాది నుంచి 95 ఏళ్లు లెక్క. 1952లో వచ్చిన ఆ నవల మీద అక్కడ 2047 చివరిదాకా హక్కు ఉంటుంది. ఈ-బుక్కుగా పెట్టేటప్పుడు ఏయే దేశాల్లో అమ్మాలని అడిగే చోట అన్నిటికీ టిక్కు కొట్టేస్తే, మన దగ్గర తప్పుకాని పని అక్కడ తప్పయి కూర్చుంటుంది.

కాపీరైటు అంటే మక్కీకి మక్కీ కాపీ కొట్టడం గురించేనని చాలామంది అనుకుంటారు. భాష మారింది కదా, ప్రతి వాక్యమూ నేను రాసిందే కదా అన్నది వాళ్ల వాదన. 1957 చట్టం 14వ సెక్షను మాత్రం అనువాదం చేసే హక్కును విడిగా పేరుపెట్టి మూలరచన హక్కుదారుకే ఇచ్చింది. మీ కోసం మీరు అనువదించి బీరువాలో పెట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు, అది సొంత వాడకం. పత్రికలో సీరియల్‌గా వేసినా, ఫేస్‌బుక్‌లో రోజుకో భాగం పెట్టినా అనుమతి కావాలి. డబ్బు తీసుకోలేదన్నది జవాబు కాదు. నేరం కింద రుజువైతే మామూలుగా ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా అని చట్టంలో ఉంది. నిజానికి చాలా తగాదాలు అంతదూరం పోవు, పుస్తకాల కట్టలు గోడౌన్లో ఆగిపోవడంతోనే తెగుతాయి.

మన పాత అనువాదకులు ఇంత పట్టించుకున్నారా అని అడిగేవాళ్లుంటారు. అప్పటి చట్టమే వేరు. 1914 నాటి చట్టంలో, ఇక్కడ మొదట ప్రచురించిన పుస్తకానికి అనువాద హక్కు పదేళ్లే ఉండేది. ఆ పదేళ్లలో ఏ భాషలోనైనా అనుమతితో అనువాదం వస్తే ఆ భాష వరకే హక్కు కొనసాగేది. ఆ వెసులుబాటు పోయి అరవై ఏళ్లు దాటినా, అలవాటు మాత్రం ఇంకా పోలేదని నా అనుమానం.

తెలుగులో ఎక్కువమంది తడబడేది ఇంగ్లీషు మీదుగా చేసే అనువాదాల దగ్గర. టాల్‌స్టాయ్ 1910లో పోయాడు, ఆయన నవలలు అందరివీ. కానీ మనలో రష్యన్ చదివేవాళ్లు ఎందరు? బల్లమీద ఉండేది ఇంగ్లీషు పుస్తకం. అనువాదం కూడా ఒక స్వతంత్ర రచనే, దాని కాపీరైటు దాన్ని చేసినవాళ్లది. కాన్‌స్టెన్స్ గార్నెట్ 1946లో చనిపోయింది కాబట్టి ఆమె ఇంగ్లీషు నుంచి తెలుగు చేసుకోవచ్చు, ఇక్కడ ఆ గడువు 2006తో ముగిసింది. రిచర్డ్ పీవియర్, లరిస్సా వొలొఖొన్‌స్కీ దంపతుల ఇంగ్లీషు బావుందని దాన్ని పట్టుకుంటే టాల్‌స్టాయ్‌ని అడగనక్కర్లేదు గానీ వాళ్లని అడగాలి. మూలరచయితకు కూడా ఇంకా హక్కున్న పుస్తకమైతే రెండు అనుమతులు కావాలి. ఇంగ్లీషు ప్రచురణకర్త సరేనన్నంత మాత్రాన సరిపోదు, మూల భాషలోని హక్కులు ఆయన చేతిలో లేకపోవచ్చు.

అనుమతి తీసుకోవడం ఎలాగో ఒక పుస్తకం వెంట నడిచి చూద్దాం. 2016లో వచ్చిన కన్నడ నవల ఒకటి, రచయిత్రి మైసూరులో ఉన్నారు అనుకుందాం. మీకు కన్నడం వచ్చు. ఒక సభలో కలిసి అడిగారు, ఆవిడ సంతోషంగా ‘చేసుకోండి’ అన్నారు. తెలుగు ప్రపంచంలో నూటికి తొంభై అనుమతులు ఇక్కడే ఆగిపోతాయి. చట్టం దృష్టిలో ఇది అనుమతే కాదు, లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలి. ఆవిడ మంచి మనసుతో ఇచ్చిన మాట కూడా ఆవిడ చేతిలో లేనిది కావచ్చు. కన్నడ ప్రచురణకర్తతో చేసుకున్న ఒప్పందంలో అన్ని భాషల హక్కులూ అతనికి రాసిచ్చేసి ఉండవచ్చు. అందుకే ముందు పుస్తకం లోపలి పేజీ తిప్పి కాపీరైటు గుర్తు పక్కన ఎవరి పేరుందో చూడాలి. ఆ తర్వాత అనువాద హక్కులు మీ దగ్గరే ఉన్నాయా అని రచయిత్రిని సూటిగా అడగాలి. రచయిత పోయి ఉంటే వారసులను అడగాలి. చలం 1979లో కన్నుమూశారు, ఆయన రచనల మీద హక్కు 2039 చివరిదాకా ఉంటుంది. వారసులు ముగ్గురుంటే ముగ్గురి సంతకాలూ తీసుకోవడం క్షేమం. ఒకరికే రాసిచ్చిన వీలునామా ఉంటే దాని నకలు అడగాలి.

అనుమతి పత్రం ఒక పేజీ చాలు. పుస్తకం పేరు, ఏ భాషలోకి, అచ్చు ఒక్కదానికేనా ఈ-బుక్కుకీ ఆడియోకీ కూడానా, ఎన్ని ప్రతులు, ఏ దేశాల్లో, ఎన్నేళ్లు, రాయల్టీ ఎంత. మరొకరికి ఇదే హక్కు ఇవ్వకుండా మీకొక్కరికే ఇస్తున్నారా అన్నది కూడా రాయించుకోవాలి. ఈ గళ్లు ఖాళీగా వదిలేస్తే చట్టం తనే నింపుతుంది. ఎన్నేళ్లో రాయకపోతే ఐదేళ్లు అనుకుంటుంది, ఏ దేశమో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. ఇంకొకటి చాలామంది చూడనిది: ఇచ్చిన హక్కును ఏడాదిలోపు వాడుకోకపోతే, పత్రంలో వేరే మాట లేకుంటే, అది రద్దయినట్టే. ఐదొందల పేజీల నవల ఉద్యోగం చేసుకుంటూ ఏడాదిలో ఎవరు పూర్తి చేస్తారు? కాబట్టి ‘సంతకం చేసిన నాటి నుంచి మూడేళ్లలోపు ప్రచురించాలి’ అన్న వాక్యం తప్పక ఉండాలి. ఇది లేక, రెండేళ్ల పని చేతిలో పట్టుకుని మళ్లీ మొదటి నుంచి అడగాల్సి రావచ్చు. ఈలోగా హక్కు మరొకరికి వెళ్లిపోయి ఉంటే చేయగలిగిందేమీ లేదు.

హక్కుదారు ససేమిరా అంటే, లేదా ఎంత వెతికినా దొరక్కపోతే 32వ సెక్షను దారి ఒకటుంది. పుస్తకం వచ్చి ఏడేళ్లయినా తెలుగులో అనుమతితో అనువాదం రాకపోతే, వచ్చినా ప్రతులు అయిపోయి ఉంటే, లైసెన్సు ఇప్పించమని న్యాయవ్యవస్థను కోరవచ్చు. అడిగి కాదనిపించుకున్నట్టో, వెతికి దొరకనట్టో రుజువు చూపాలి. రచయిత ఆ పుస్తకాన్ని తానే చలామణీ నుంచి వెనక్కి తీసుకుని ఉంటే ఈ దారి కూడా మూసుకుపోతుంది. వెయ్యి ప్రతుల పుస్తకం కోసం లాయరు ఫీజు పెట్టుకునే తెలుగు ప్రచురణకర్త అరుదు గనుక, ఇది ఎక్కువగా పుస్తకంలోనే ఉండే సెక్షను.

పుస్తకాల అనువాదంతో ఇల్లు గడవదు. అందుకే చాలామంది అనువాదకులకు అన్నం పెట్టేది కంపెనీ కాగితాలే. ఇక్కడ అనుమతి గొడవ లేదు, ఇచ్చినవాళ్లే అనువదించమంటున్నారు. ఉన్నదంతా బయటపెట్టకూడదన్న బాధ్యతే. దాన్ని జనం తేలిగ్గా తీసుకునే చోటు ఒకటి చెబుతాను. హైదరాబాదులో ఒక లాయరాఫీసు నుంచి మీకు ఒక పెద్ద ఫైలు వచ్చిందనుకోండి. అడంగల్ నకళ్లు, పాత దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు, ఈసీలు, అన్నీ తెలుగులో ఉన్నాయి. ఒక కంపెనీ ఫ్యాక్టరీ కోసం భూమి కొనబోతోంది, ముంబైలోని పెద్దలకు ఇంగ్లీషులో కావాలి. చూస్తే ఇందులో రహస్యం ఏమీ కనిపించదు. రిజిస్టరైన దస్తావేజు నకలు రిజిస్ట్రారాఫీసులో రుసుము కట్టి ఎవరైనా తీసుకోవచ్చు. కానీ ఆ నలభై సర్వే నంబర్లూ ఒకే జాబితాలో ఉన్నాయన్నది మాత్రం ఎక్కడా దొరకదు. అసలు రహస్యం అదే. ఆ జాబితా ఊళ్లో ఒక్క మనిషి చెవిన పడితే తెల్లారేసరికి ఎకరం ధర మారిపోతుంది. ‘మా పిన్నిగారి ఊరి కాగితాలు వచ్చాయి’ అని ఇంట్లో అన్నా చాలు.

ఆ కంపెనీ షేరు మార్కెట్లో ఉన్నదైతే ఇంకో మెలిక ఉంది. షేరు ధరను కదిలించగల, ఇంకా బయటికి రాని సమాచారం ఎవరెవరికి ఇచ్చారో వాళ్ల పేరు, పాన్ నంబరుతో సహా కంపెనీ నమోదు చేయాలని సెబీ 2015 నాటి ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల్లో ఉంది. ఆ నమోదులో అనువాదకుడి పేరు కూడా ఉండవచ్చు. అటువంటి ఫైలు చేతిలో ఉండగా ఆ షేరు మీరు కొన్నా, బావమరిదికి కొనమని చెప్పినా అది మామూలు మాట తప్పడం కాదు, సెబీ విచారణకు వచ్చే విషయం.

మన దేశంలో వ్యాపార రహస్యాలకు ప్రత్యేక చట్టం లేదు. ఒప్పంద చట్టం, నమ్మకంతో ఇచ్చిన సమాచారాన్ని దుర్వినియోగం చేయకూడదన్న న్యాయసూత్రం, ఈ రెండే ఆధారం. అంటే ఎన్‌డీఏ మీద సంతకం పెట్టలేదు కాబట్టి నాకు బాధ్యత లేదనుకోవడం కుదరదు. సంతకం పెట్టేటట్టయితే ఒక వాక్యం దగ్గర ఆగి చదవండి: పనిని మరొకరికి ఇవ్వవచ్చా? గడువు దగ్గరపడితే సగం పేజీలు స్నేహితుడికి పంపడం, టైపింగుకు డీటీపీ సెంటర్లో ఇవ్వడం మన దగ్గర మామూలు. ఎక్కువ ఎన్‌డీఏలు ముందుగా అడిగి రాతలో ఒప్పించుకోకుండా అది చేయనివ్వవు. డీటీపీ కంప్యూటర్లో మిగిలిన ఫైలుకి కూడా జవాబుదారీ మీరే.

ఉచిత ఆన్‌లైన్ అనువాద సైట్లో వాక్యాలు అతికించడం ఇంకో కన్నం. 2017లో నార్వే ప్రసార సంస్థ ఎన్ఆర్‌కే ఒక సంగతి బయటపెట్టింది. స్టాటాయిల్ అనే చమురు కంపెనీ ఉద్యోగులు అలాంటి సైట్లో వాడిన కాగితాలు ఇంటర్నెట్ వెతుకులాటలో దొరుకుతున్నాయి. అందులో ఉద్యోగాల తొలగింపు లేఖలు, ఒప్పందాలు ఉన్నాయి. దొంగతనం ఏమీ జరగలేదు, అతికించినదాన్ని సైటు దాచిపెట్టుకుంది, అంతే. అనువాదకులు వాడే సాఫ్ట్‌వేర్లలోనూ, పాత పనుల వాక్యాలను గుర్తుపెట్టుకునే ట్రాన్స్‌లేషన్ మెమరీ ఉంటుంది. ఒక కంపెనీ ఒప్పందంలోని ధర ఆర్నెల్ల తర్వాత దాని పోటీదారు ఫైలు మీద పనిచేస్తుంటే తెరమీద సూచనగా ప్రత్యక్షమవుతుంది. ఒక్కో క్లయింటుకి ఒక్కో మెమరీ విడిగా పెట్టుకుని, పని అయ్యాక ఒప్పందంలో ఉంటే దాన్ని కూడా తుడిచేయాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు ఫోను గ్యాలరీలో పడి ఉంటాయన్నది చాలామందికి గుర్తే ఉండదు.

కోర్టు సమను వస్తే ఏమిటన్నది చివరి చిక్కు. లాయరు దగ్గర పార్టీకి, లాయరుకి మధ్య దుబాసీగా పనిచేసినవారికి రక్షణ ఉంది. లాయరుకి చెప్పిన రహస్యాన్ని బయటపెట్టకూడదన్న నియమం దుబాసీకి కూడా వర్తిస్తుందని పాత సాక్ష్య చట్టంలో ఉండేది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షనులో కూడా అదే ఉంది. కానీ కంపెనీ నేరుగా మీకు ఇచ్చిన వ్యాపార పత్రాలకు ఆ గొడుగు లేదు. ఎన్‌డీఏ చూపించి కోర్టును కాదనలేరు. సమను అందగానే క్లయింటుకి తెలియజేయాలి, అభ్యంతరం ఉంటే చెప్పుకోవలసింది వాళ్లు. కోర్టు అడిగిన కాగితం వరకే ఇవ్వాలి, ఫైలంతా పట్టుకెళ్లి బల్లమీద పెట్టనక్కర్లేదు.